జనరేట్ చేసిన మ్యూజిక్‌ని లూప్ చేస్తే అతుకు ఎందుకు వినిపిస్తది?

ప్రశ్న: అన్నా నమస్తే. మా మామ వరంగల్ కొత్తవాడల జంపఖానాలు నేస్తడు, ఆయన మీద 2 నిమిషాల 36 సెకన్ల వీడియో చేసిన. మ్యూజిక్ ఏఐ టూల్‌ల జనరేట్ చేసిన, 30 సెకన్లే వచ్చింది, అదే ఐదారు సార్లు వరుసగ పెట్టిన. ప్రతిసారి అతుకు దగ్గర తెలిసిపోతుంది, ఫేడ్ పెట్టినా పోతలేదు. మగ్గం సౌండ్ కూడా జనరేట్ చేసిన గానీ ఏదో తేడాగ ఉంది. ఛానెల్ మానిటైజ్ అయింది, రేపు క్లెయిమ్ ఏమన్న వస్తదా అని భయం. ఫైల్స్ కింద పెట్టిన, జర విని చెప్పండి.

జవాబు:

తమ్మీ, నీ వీడియో, మ్యూజిక్ ఫైల్ రెండూ దించుకొని హెడ్‌ఫోన్స్ పెట్టుకొని నాలుగైదు సార్లు విన్న. నేను హనుమకొండల పన్నెండేండ్ల నుంచి ఎడిటింగ్ చేస్తున్న, మొదట పెండ్లి వీడియోలు, తర్వాత షాపుల యాడ్‌లు, ఈ మధ్య చిన్న చిన్న డాక్యుమెంటరీలు. జనరేట్ చేసిన మ్యూజిక్ వాడబట్టి రెండేండ్లు దాటింది. నీకొచ్చిన ప్రాబ్లమే ముందు నాకూ వచ్చింది కాబట్టి వివరంగ రాస్తున్న, ఓపికతో చదువు.

ముందు ఆ అతుకు సంగతి. నువ్వు దాన్ని క్లిక్ అనుకొని ఫేడ్ పెట్టినవ్, గానీ నీ దాంట్ల క్లిక్ లేనే లేదు. నీ క్లిప్ సుమారు 80 బీపీఎం మీద, అంటే నిమిషానికి 80 బీట్లతోటి నడుస్తది. ఆ లెక్కన ఒక బీట్ ముప్పావు సెకన్, నాలుగు బీట్ల బార్ ఒకటి 3 సెకన్లు. మరి 30 సెకన్లంటే ఎన్ని బార్లు? పది. ఈ తరహా మ్యూజిక్‌ల ట్యూన్ నాలుగు బార్లకో ఎనిమిది బార్లకో ఒక మాట పూర్తి చేసుకొని మళ్ల మొదలుపెడ్తది, మన పాటల పల్లవి ఎట్లైతే తిరిగొస్తదో అట్ల. నీ క్లిప్‌ల మొదటి బార్ మెల్లగ లేచుడుకే పోయి, తర్వాతి ఎనిమిది బార్లల ఒక మాట అయిపోయి, పదో బార్ కాడ టూల్ తన లిమిట్ వచ్చిందని వాయిద్యాలను సన్నగ చేసి ముగించింది. నువ్వు ఆ ముగింపు పక్కనే మళ్ల మొదటి సెకన్ పెట్టినవ్, ఆ మొదటి సెకన్‌లనేమో మ్యూజిక్ ఇంకా నిండుగ మొదలే కాలేదు, మెల్లగ లేస్తుంది. అంటే ప్రతి 30 సెకన్లకు పాట ఒకసారి చచ్చి మళ్ల పుడ్తుంది. దానికి ఫేడ్ పెడితే ఆ గుంత ఇంకా లోతైతది తప్ప పూడదు.

కాబట్టి ఫైల్ మొదలు, ఫైల్ చివర అనేది మర్చిపో. లూప్ పాయింట్లు ఫైల్ అంచుల్ల ఉండవు, పాట లోపల ఉంటయి. వాటిని చెవితోటి వెతకాలె.

నేను నీ ఫైల్ మీద చేసింది చెప్తున్న, నువ్వు కూడ అట్లనే చేసి చూడు. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్ల ఓపెన్ చేసి, వేవ్‌ఫాం పెద్దగ చేసి, చేత్తో తాళం వేసుకుంట విన్న. మొదటి బలమైన బీట్, అంటే బార్ మొదలయ్యే దెబ్బ, 3.12 సెకన్ల దగ్గర పడ్తుంది. దాని ముందు ఉన్నదంత మెల్లగ లేచే భాగమే. అక్కడి నుంచి బార్లు లెక్కపెట్టుకుంట పోతే ఎనిమిది అయిపోయి తొమ్మిదో బార్ దెబ్బ 27.06 దగ్గర పడింది. అంటే లూప్ 23.94 సెకన్లు. లెక్క ప్రకారం 80 బీపీఎంకి సరిగ్గ 24 రావాలె, రాలేదు. 32 బీట్లతోటి భాగిస్తే అసలు టెంపో 80.2 అని తేలింది. ఇది చిన్న తేడా అనిపిస్తది గానీ చాన మంది ఇక్కడనే దెబ్బ తింటరు. ప్రాంప్ట్‌ల 80 అని రాసిన కదా అని టైంలైన్ మీద సరిగ్గ 24 సెకన్లకు కోస్తరు, అప్పుడు ప్రతి అతుకు దగ్గర 60 మిల్లీసెకన్లు ఎక్కువైతది, కాలు జారినట్టు వినిపిస్తది. జనరేట్ చేసిన పాటల్ల నువ్వు అడిగిన టెంపో ఇంచుమించుగనే వస్తది, ఒక్కోసారి మధ్యల కొంచెం జరుగుతది కూడ. అందుకే రాసిన నంబర్ నమ్మొద్దు, కొలువు. టెంపో మరీ జరుగుతున్నదనుకో, అంటే మొదటి నాలుగు బార్లు ఒక లెక్క, తర్వాతి నాలుగు ఇంకో లెక్క వస్తున్నయంటే, ఆ క్లిప్ వదిలేసి ఇంకోటి చేసుకో, దాని మీద టైం పెట్టకు.

ఇగ కోసే పద్ధతి. సరిగ్గ దెబ్బ మీద కోయకు. దెబ్బ మీద కోస్తే ఆ మొదటి అంచు తెగి క్లిక్ వస్తది, లేకపోతే పాత దెబ్బ, కొత్త దెబ్బ రెండూ కొంచెం కొంచెం వినపడ్తయి. దెబ్బకు కొంచెం ముందు కోయాలె. రెండు ట్రాకులు తీస్కో. పైన ట్రాక్ మీద మొదటి కాపీ, అది 27.06 దాక నడవాలె. కింద ట్రాక్ మీద రెండో కాపీ, దాని 3.12 దెబ్బ పై కాపీ 27.06 కాడ సరిగ్గ కూర్చోవాలె, గానీ దాన్ని మొదలుపెట్టేది 3.12 నుంచి కాదు, ఇంకొంచెం ముందు నుంచి. ఆ ముందున్న ముక్కల పైది తగ్గుకుంట, కిందిది పెరుగుకుంట వస్తయి. దెబ్బ పడే టైంకి పాతది పూర్తిగ పోయి కొత్తది నిండుగ ఉంటది. చెవి ఎప్పుడైనా దెబ్బ మీదనే పోతది, దాని వెనక జరిగిన మార్పిడి పట్టుకోదు.

ఆ మార్పిడి ఎంత పొడుగు పెట్టాలె అంటే మ్యూజిక్‌ని బట్టి. డోలో తాళమో గట్టిగ ఉన్న మ్యూజిక్ అయితే 20, 30 మిల్లీసెకన్లు చాలు, ఎక్కువ పెడితే దెబ్బలు రెండు రెండు వినిపిస్తయి. నీ దాంట్ల వెనక వయొలిన్‌లు సాగుతున్నయి కాబట్టి నేను 600 మిల్లీసెకన్లు పెట్టిన. ఒక్క జాగ్రత్త, నీ క్లిప్ మొదట్ల వాల్యూం మెల్లగ లేస్తుంది అన్న కదా, ఆ 600 మిల్లీసెకన్ల ముక్క అప్పటికే దాదాపు నిండుగ ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడ ఒక గుంత పడేది. అట్లాంటప్పుడు, తొమ్మిదో బార్ కూడ నిండుగ ఉన్న క్లిప్ అయితే, లూప్‌ని ఒక బార్ ముందుకు జరుపుకొని రెండో బార్ నుంచి తొమ్మిదో బార్ అయిపోయేదాక తీస్కోవాలె. ఫేడ్ రకం కూడ చూడు: సాగే శబ్దాలను కలిపేటప్పుడు మామూలు గీత లాంటి ఫేడ్ పెడితే మధ్యల వాల్యూం పడిపోతది, అందుకే ప్రీమియర్‌ల అయితే Constant Power అని ఉంటది, అది పెట్టు. వేరే ఎడిటర్లల ఈక్వల్ పవర్ అంటరు. పాత ముక్క, కొత్త ముక్క అచ్చం ఒకేలాగ ఉన్నప్పుడు మాత్రం దీంతోటి మధ్యల ఉబ్బు వస్తది, అప్పుడు మామూలు ఫేడే మంచిగ ఉంటది. రెండూ పెట్టి విను, చెవే చెప్తది.

ఇంకో సంగతి, నువ్వు పెట్టిన ఫైల్ ఎంపీ3. ఎంపీ3 చేసేటప్పుడు ఎన్‌కోడర్ ముందు వెనక కొంచెం ఖాళీ చేరుస్తది, అది ఆ ఫార్మాట్ పని చేసే తీరు. కాబట్టి ఎంత సరిగ్గ కోసినా, కోసిన లూప్‌ని ఎంపీ3గ సేవ్ చేసి మళ్ల పక్క పక్కన పెడితే ప్రతి అతుకు దగ్గర సన్నటి ఖాళీ వస్తది. టూల్‌ల వేవ్ డౌన్‌లోడ్ ఉంటే అదే తీస్కో, లేకుంటే ఎంపీ3ని ఒక్కసారి ఓపెన్ చేసి, కోసి, అక్కడి నుంచి అంతా వేవ్‌లనే నడిపియ్యి. వేవ్‌గ ఎక్స్‌పోర్ట్ చేసే ముందు రెండు అంచులూ సెలెక్ట్ చేసి ఆడాసిటీల Z నొక్కు, అది సెలెక్షన్‌ని వేవ్ సున్నా గీతను దాటే చోటికి జరుపుతది, క్లిక్ రాకుండ.

లూప్ సరిగ్గ వచ్చిందా లేదా చూసేటందుకు వీడియోల పెట్టి చూడకు, వీడియోల బొమ్మ మీద ధ్యాస పోతది. ఆ రెండు ట్రాకులు కలిపి, ఫేడ్‌తో సహా మొదటి దెబ్బ నుంచి తొమ్మిదో బార్ దెబ్బ దాక ఉన్న ముక్కను loop.wav పేరుతోటి తీసి, అదొక్కటే వరుసగ పెట్టి విను. కమాండ్ వాడే అలవాటుంటే ఇది సరిపోతది:

```
ffmpeg -stream_loop 4 -i loop.wav -c copy test.wav
```

4 అంటే మళ్ల నాలుగు సార్లు, మొత్తం ఐదు సార్లు వస్తది. దాన్ని పెట్టి, స్క్రీన్ చూడకుండ, ఇంట్ల వేరే పని చేసుకుంట విను. అతుకు కాడ నీ చేతి తాళం తడబడితే కొలత తప్పు. తాళం సరిగ్గ ఉండి ఏదో మారినట్టు అనిపిస్తే ఫేడ్ తప్పు, లేదా రెండు అంచుల్ల వాయిద్యాలు వేరే వేరే ఉన్నయి. ఈ రెండు తప్పులు వేరే వేరే అని తెలుసుకుంటే సగం పని అయినట్టే.

ఇప్పుడు మూడ్ గురించి. నీ ప్రాంప్ట్ చూసిన, భావోద్వేగం, ఇండియా, పల్లెటూరు అని మూడు మాటలు రాసినవ్. ఆ మాటలకు టూల్ ఇచ్చేది సితార్, తబలా, వెనక వయొలిన్‌లు. అది ఎక్కడి పల్లె? మన కొత్తవాడ గల్లీల ఆ శబ్దం ఎన్నడన్న విన్నవా? ఇంకోటి, ఆ తబలానే నీ వీడియోని ఎక్కువ పాడు చేస్తుంది. మీ మామ మగ్గం దెబ్బలు నేను లెక్కపెట్టిన, నిమిషానికి 52 పడ్తున్నయి, అవి కూడ సమానంగ లేవు, దారం తెగితే ఆగుతడు, మళ్ల అందుకుంటడు. తబలానేమో 80 కాడ నడుస్తుంది. ఈ రెండు తాళాలు ఒకదానితో ఒకటి కొట్లాడ్తయి, చూసేటోనికి కారణం తెల్వకున్నా చిరాకు అనిపిస్తది. మ్యూజిక్‌ని 52కి మార్చినా కుదరదు, మనిషి చెయ్యి మెట్రోనోం కాదు. ఈ వీడియోల తాళం మగ్గానిదే కావాలె, మ్యూజిక్‌ల దెబ్బ అనేదే ఉండొద్దు.

అందుకే మూడ్‌ని దుఃఖం, సంతోషం అని రాయకుండ, ఏ వాయిద్యం, ఎంత కింది శ్రుతిల, ఎంత నిదానంగ, ఏం ఉండొద్దు అని రాయి. టూల్స్ ఇంగ్లీషుల మంచిగ పట్టుకుంటయి కాబట్టి నేనైతే ఇట్ల రాస్తా:

```
solo bamboo flute, low register, soft tanpura drone,
slow, sparse, long pauses, no drums, no percussion,
no vocals, instrumental, 80 bpm
```

దెబ్బ వద్దని చెప్పి మళ్ల బీపీఎం ఎందుకు రాసినవ్ అంటవేమో. ఫ్లూట్ మాటలు ఒక లెక్కల పడితేనే లూప్ పాయింట్ దొరుకుతది. లెక్క లేని గాలి లాంటి మ్యూజిక్‌ని కూడ లూప్ చెయ్యొచ్చు, దానికి రెండు మూడు సెకన్ల పొడుగు ఫేడ్ చాలు, గానీ దాంట్ల ట్యూన్ ఉండదు. నీకు ఇంత ట్యూన్ కావాలె అనిపించింది కాబట్టి అట్ల రాసిన. వద్దు అని రాసినయి టూల్ ప్రతిసారి వినదు, కొన్నిట్ల వద్దనే వాటికి వేరే బాక్స్ ఉంటది, ఉంటే అందుల రాయి. ఆరేడు సార్లు జనరేట్ చేసి, దెబ్బ లేని రెండు ముక్కలు ఎంచుకో. మన డప్పు, ఒగ్గు డోలు లాంటివి అడిగితే నాకైతే ఇప్పటిదాక సరైన శబ్దం రాలేదు, పేరు తెలిసినట్టే ఏదో ఒక డోలు ఇస్తది, గానీ అది మన డప్పు కాదు. అది కావాలంటే కొట్టే మనిషిని పిలిచి, పైసలిచ్చి రికార్డ్ చేసుడే.

పొడుగు విషయంల నువ్వు చేసిన తప్పు ఏందంటే మొత్తం 156 సెకన్లు మ్యూజిక్‌తోటి నింపాలె అనుకున్నవ్. అవసరం లేదు. నీ వీడియోని ఇట్ల పంచుకోమంట. మొదటి 15 సెకన్లు మ్యూజిక్ వద్దు, మగ్గం ఒక్కటే. మగ్గం శబ్దం చెవికి అలవాటు అయినంక మ్యూజిక్ లోపలికి రావాలె. 14.88 సెకన్ల దగ్గర నీ క్లిప్‌ని అసలు మొదటి నుంచి పెట్టు, అది మెల్లగ లేచి, దాని 3.12 దెబ్బ సరిగ్గ 18వ సెకన్ కాడ, మీ మామ మొఖం కనిపించే షాట్ మీద పడ్తది. అంటే ఇందాక మనకు పనికిరాదు అన్న ఆ లేచే భాగం ఇక్కడ పనికొస్తుంది. అక్కడి నుంచి లూప్ నాలుగు సార్లు, 113.76 దాక. నాలుగోసారి చివరి బార్‌ల, అంటే ఆఖరి 3 సెకన్లల, మెల్లగ తగ్గించి తీసెయ్యి. ఎందుకంటే 1 నిమిషం 54 సెకన్ల కాడ మీ మామ చెయ్యి ఆపి వాళ్ల నాయిన గురించి చెప్తడు. ఆ మాట కింద మ్యూజిక్ ఉండొద్దు తమ్మీ. మగ్గం ఆగింది, మ్యూజిక్ ఆగింది, ఆ మనిషి గొంతు ఒక్కటే వినిపియ్యాలె. నీ వీడియో మొత్తంల అదే ప్రాణం, దాని కింద వయొలిన్‌లు పెట్టి నువ్వు దాన్ని కప్పేసినవ్.

ఆయన మాట అయిపోయి మళ్ల మగ్గం మీద చెయ్యి వేసే షాట్ 126వ సెకన్ల ఉంది. అక్కడ లూప్ ఐదోసారి, అది 149.94 కాడ అయిపోతది. ఇప్పుడు లూప్ చెయ్యకుండ అసలు క్లిప్‌ని అట్లనే ముందుకు నడవనియ్యి, 27.06 తర్వాత ఉన్న ఆ మూడు సెకన్ల ముగింపు సహజంగ వచ్చి 152.88 కాడ ఆగుతది. మిగిలిన మూడు సెకన్లు గది శబ్దం, ఆఖరి షాట్. చూసినవా, కొత్త మ్యూజిక్ ఒక్క సెకన్ కూడ చెయ్యలేదు, ఆ 30 సెకన్లతోనే మొదలు, నడిమి, ముగింపు అన్నీ వచ్చినయి. ఒకటే లూప్ నాలుగు సార్లు వరుసగ వస్తే బోర్ కొడ్తది అనిపిస్తే, రెండోసారికి పై ఫ్రీక్వెన్సీలు కొంచెం కోసి మెత్తగ చెయ్యి, లేదా నువ్వు ఎంచుకున్న రెండో ముక్క అదే శ్రుతిల ఉంటే నాలుగోసారి దాన్ని పెట్టు. శ్రుతి వేరేది అయితే మాత్రం కలపకు, వినలేం.

వాల్యూం గురించి ఎక్కువ రాయను. మాట నడిచేటప్పుడు మ్యూజిక్ వాయిస్ కన్నా ఒక 18 డెసిబెల్స్ కింద ఉండాలె, మాట లేనప్పుడు ఒక 6, 8 లేపొచ్చు. ఫ్లూట్ మన గొంతు మీదికి వస్తుందంటే మ్యూజిక్ ట్రాక్‌ల 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య నాలుగు డెసిబెల్స్ తగ్గించు. ఆఖరుకు ఫోన్ స్పీకర్ మీద విను, మన వీడియోలు చూసేటోళ్లు ఎక్కువ ఫోన్లనే చూస్తరు.

మగ్గం సౌండ్. నీకు తేడాగ అనిపించింది ఎందుకో చెప్తా. జనరేట్ చేసిన దాంట్ల దెబ్బలన్నీ ఒకటే బరువుల ఉన్నయి, ఏదో పెద్ద ఖాళీ హాల్‌ల కొట్టినట్టు మోగుతుంది, అన్నిటికన్నా ముందు, బొమ్మల నాడె పోయే టైంకి, సౌండ్ల దెబ్బకు పొత్తు లేదు. కొత్తవాడల ఉన్నోళ్లు, మగ్గం మీద పుట్టి పెరిగినోళ్లు ఒక్క సెకన్ల పట్టేస్తరు. వరంగల్ జంపఖానాలకు 2018ల జీఐ గుర్తింపు వచ్చింది, అసలుది ఏదో నకిలీ ఏదో తేల్చేటందుకే కదా ఆ గుర్తింపు. అట్లాంటి పని మీద తీసిన వీడియోల మగ్గం శబ్దమే నకిలీ పెడ్తే ఎట్ల? నీకు మామ ఉన్నడు, మగ్గం ఉంది, ఫోన్ ఉంది. పొద్దుగాల గల్లీల బండ్లు తిరగకముందే పోయి, ఫ్యాన్ బంద్ చేసి, ఫోన్‌ని మగ్గానికి ఒక అడుగు దూరంల ఒక బట్ట మీద పెట్టి ఐదు నిమిషాలు రికార్డ్ చెయ్యి. మగ్గం కట్టె మీదనే పెట్టకు, అదురు ఎక్కుతది. తర్వాత ఒక్క నాడె శబ్దం, ఒక్క దెబ్బ, తొక్కుడు చెక్కల శబ్దం విడివిడిగ పది పది సార్లు చేయించు, బొమ్మకు కలిపేటప్పుడు పనికొస్తయి. ఆఖరుకు అందర్నీ ఊకుండమని చెప్పి ఒక నిమిషం ఖాళీ గది శబ్దం తీస్కో, ఆ 1:54 దగ్గర మాట కింద అదే పెట్టాలె.

జనరేట్ చేసిన ఎఫెక్ట్స్ పనికిరావని అంటలేను. టైటిల్ వచ్చేటప్పుడు బట్ట విదిలించిన శబ్దం, వాన, దూరం నుంచి గాలి, ఇట్లాంటివి నేనూ వాడ్త. ఎవరి ఫలానా పని అని చూపించే శబ్దం కాదు కాబట్టి. ఆ వాన, గాలి లూప్ చేసేటప్పుడు ఒకటి చూడు, దాంట్ల గుర్తుపట్టే శబ్దం ఏదీ ఉండొద్దు. ఒక కాకి ఒక్కసారి అరిస్తే, అది ప్రతి 20 సెకన్లకు అట్లనే అరుస్తది, లూప్ అని అందరికీ తెలుస్తది. కాకిని కోసెయ్యి. రెండు వేరే వేరే పొడుగున్న లూప్‌లు ఒకదాని మీద ఒకటి పెడితే ఇంకా మంచిది, ఒకటి 17 సెకన్లు, ఇంకోటి 23 అనుకో, ఆ రెండూ మళ్ల మొదటి లెక్కనే కలిసేది 391 సెకన్లకు, నీ వీడియో అంతకు ముందే అయిపోతది.

ఇగ నీ భయం సంగతి, షరతులు. ఇక్కడ నాకు జరిగింది ముందు చెప్తా. హనుమకొండల ఒక విత్తనాల షాపు కోసం యాడ్ చేసిన, మ్యూజిక్ ఒక టూల్‌ల ఫ్రీ ప్లాన్‌ల చేసింది. తర్వాత నెలకు వేరే పని కోసం అదే టూల్‌ల పైసలు కట్టి పెద్ద ప్లాన్ తీస్కున్న. అప్పుడు షరతులు చదివితే అర్థమైంది, ఫ్రీల ఉన్నప్పుడు చేసినయి సొంతానికి మాత్రమే, తర్వాత పైసలు కట్టినా పాతవాటికి ఆ హక్కు రాదు. వాళ్లకు మెయిల్ రాస్తే అదే మాట చెప్పిన్రు. యాడ్ అప్పటికే నడుస్తుంది. ఆపించి, మ్యూజిక్ మార్చి, మళ్ల ఇచ్చిన, నా ఖర్చు మీద. కాబట్టి చాన టూల్స్ విషయంల అసలు ప్రశ్న ఇప్పుడు నీ ప్లాన్ ఏంది అని కాదు, ఆ ముక్క చేసిన రోజు నీ ప్లాన్ ఏంది అని. మానిటైజ్ అయిన ఛానెల్ల పెడితే దాన్ని కమర్షియల్‌గనే లెక్క పెట్టుకో. నువ్వు ఫ్రీల చేసినవంటే, షరతుల్ల కమర్షియల్ వాడకం ఉందో లేదో చూడు, లేకపోతే ఆ ముక్క పక్కన పెట్టి, సరైన ప్లాన్‌ల మళ్ల చెయ్యి. ఎట్లైనా తబలా లేకుండ మళ్ల చెయ్యాల్సిందే కదా. కొత్త క్లిప్‌కి కొలతలు మారుతయి, పద్ధతి ఇదే.

సొంత కంప్యూటర్ల నడిపే మోడల్స్ అయితే భయం లేదు అనుకుంటరు కొందరు, అక్కడ ఇంకో గుంత ఉంది. మెటా కంపెనీ 2023ల ఇచ్చిన మ్యూజిక్‌జెన్ చూడు. కోడ్ లైసెన్స్ MIT, అది చూసి అంతా ఫ్రీ అనుకుంటరు. గానీ మోడల్ వెయిట్స్, అంటే మోడల్ నేర్చుకున్నదంత దాచిన ఫైల్, దాని లైసెన్స్ వేరే, అది CC-BY-NC 4.0. ఆ NC అంటే కమర్షియల్ పనికి కాదు అని. కోడ్‌కి ఒక లైసెన్స్, వెయిట్స్‌కి ఒకటి ఉండొచ్చు, రెండూ చదవాలె. స్టేబుల్ ఆడియో ఓపెన్ అని ఇంకోటి ఉంది, 47 సెకన్ల దాక ఇస్తది, దాని లైసెన్స్ ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్నోళ్లకు కమర్షియల్‌గ కూడ వాడుకోనిస్తది, గానీ దానికీ షరతులున్నయి, దించుకునే రోజు చదువు. ఫ్రీసౌండ్ లాంటి సైట్ల నుంచి ఎఫెక్ట్స్ తెస్తే ఒక్కో ఫైల్‌కి ఒక్కో లైసెన్స్ ఉంటది, ఒకటి పేరు రాయమంటది, ఒకటి కమర్షియల్ వద్దంటది, ఒకటి ఏం అడగదు, ఫైల్ ఫైల్‌కీ చూడాలె.

క్లెయిమ్ వస్తదా అంటే, షరతులు అన్నీ సరిగ్గ ఉన్నా రావొచ్చు. ఎట్లంటే, అట్లాంటి ప్రాంప్ట్ రాసిన ఇంకొకనికి నీ దానికి దగ్గరి ముక్క వచ్చి, వాడు దాన్ని పాటగ రిలీజ్ చేసి యూట్యూబ్ కంటెంట్ ఐడీల ఎక్కిస్తే, సిస్టం నీ వీడియోని పట్టుకోవచ్చు. అది వచ్చినప్పుడు గాబరాపడి వీడియో తీసెయ్యకు. క్లెయిమ్ అంటే స్ట్రైక్ కాదు. డిస్ప్యూట్ పెట్టొచ్చు, అవతలోళ్లకు జవాబియ్యడానికి 30 రోజులు ఉంటది, ఇయ్యకపోతే క్లెయిమ్ పోతది. గానీ డిస్ప్యూట్‌ల రాసేటందుకు నీ కాడ ఆధారం ఉండాలె. అందుకే నేను ప్రతి వీడియోకి ఒక ఫోల్డర్ పెట్టి అందుల నాలుగు పడేస్త: టూల్ నుంచి దించిన అసలు వేవ్, దాని ప్రాంప్ట్, ఆ రోజు ప్లాన్ బిల్లు, ఆ రోజు షరతుల పేజీ మొత్తం తేదీతోటి పీడీఎఫ్. షరతులు మారుతుంటయి, రేపు చూస్తే ఈ రోజుది దొరకదు. అట్లనే నువ్వు కూడ నీ ముక్కని కంటెంట్ ఐడీల ఎక్కియ్యాలని చూడకు, అది నీ ఒక్కనిదే అని చెప్పలేనప్పుడు ఎక్కియ్యొద్దు. ప్రాంప్ట్‌ల ఫలానా మ్యూజిక్ డైరెక్టర్ లెక్క కావాలె అని రాయకు, సినిమా పాట అప్‌లోడ్ చేసి ఇట్లాంటిది ఇయ్యి అని అడగకు. అడిగితే ఆ పాటకు దగ్గరిదే వస్తది, అప్పుడు నీ బిల్లు, నీ పీడీఎఫ్ నిన్ను కాపాడవు.

ఇంకొకటి మర్చిపోయేటట్టు ఉన్న, ఈ వీడియోని రేపు మీ మామ వాళ్ల సొసైటీ వాళ్లు తమ పేజీల పెట్టుకుంటం, అమ్మకాలకు వాడుకుంటం అని అడగొచ్చు. టూల్ ఇచ్చిన అనుమతి నీకే, వాళ్లకు కూడ చెల్లుతదో లేదో షరతుల్ల క్లయింట్లకు ఇచ్చుడు గురించి రాసి ఉంటది, ఆ ముక్క చూసి అప్పుడు ఇయ్యి. అనుమానం ఉంటే మ్యూజిక్ లేకుండ, మగ్గం శబ్దంతోటి ఒక కాపీ వేరే తీసి పెట్టుకో. అసలు మగ్గం మంచిగ రికార్డ్ అయితే ఆ కాపీయే బాగుంటదేమో అని నాకు అనిపిస్తుంది.

ముందు ఆ రికార్డింగ్ పని చూడు. మగ్గం ఫైల్ వచ్చినంక ఇక్కడనే పెట్టు, కొత్త క్లిప్ లూప్ పాయింట్లు నువ్వే కొలిచి నంబర్లు రాయి, నేను విని సరిచూసి చెప్త.